మాట ఒకటే, కాకువు మూడు

"చాలా త్వరగా వచ్చావు." ఈ మూడు మాటలను ఒక తల్లి ఒకే రోజు ఇద్దరు పిల్లలతో అనవచ్చు. రోజూ సాయంత్రం ఆరింటికి గానీ ఇల్లు చేరని కూతురు మధ్యాహ్నం మూడింటికే గుమ్మంలో కనబడితే ఆశ్చర్యపడి అంటుంది. తొమ్మిదికల్లా వచ్చేస్తానని చెప్పి వెళ్ళిన కొడుకు పదకొండున్నరకు తలుపు తడితే, తీసి, అదే వాక్యం అంటుంది. ఒక్క అక్షరం మారలేదు. అయినా కూతురు నవ్వుతూ లోపలికి వస్తుంది, కొడుకు తల దించుకుని పక్కనుంచి జారుకుంటాడు. మర్నాడు చెప్పిన వేళకన్నా గంట ముందే వియ్యంకుడు దిగితే "చాలా త్వరగా వచ్చారు అన్నయ్యగారూ" అని ఆమే ఆహ్వానిస్తుంది. ఇక్కడ గొంతు ఏమాత్రం తేడాగా పలికినా, అప్పుడే ఎందుకొచ్చారన్న అర్థం వచ్చి మర్యాద కాస్తా అవమానమవుతుంది.

పదాలు చెప్పని ఈ అర్థాన్ని మోసేది గొంతులోని ఎత్తుపల్లాలు, మాట నడక. దీనికి మన అలంకారశాస్త్రంలో ఎప్పటినుంచో ఒక చక్కని పేరు ఉంది: కాకువు. పలికే తీరు మార్చి అర్థాన్ని మార్చడమే కాకువు. భరతుడి నాట్యశాస్త్రం నటుడి వాచికాభినయంలో భాగంగా దీన్ని విడమరిచి చెప్పింది. స్వరం పుట్టే స్థానాలు మూడు: రొమ్ము, కంఠం, శిరస్సు. పలుకుకు అలంకారాలు ఆరు: ఉచ్చం, దీప్తం, మంద్రం, నీచం, ద్రుతం, విలంబితం. ఈ ఆరింటిలో మొదటి నాలుగూ గొంతు ఎత్తుకు సంబంధించినవి, చివరి రెండూ వేగానికి సంబంధించినవి. ఆశ్చర్యానికి ఉచ్చస్వరం వాడాలని కూడా భరతుడు నిర్దేశించాడు. నేటి ధ్వనిశాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో కొలిచేవి కూడా ప్రధానంగా ఈ రెండే: శ్రుతి, వేగం.

గొంతులోని స్వరతంతువులు సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తాయో ఆ లెక్కే శ్రుతికి ఆధారం. మామూలు మాటలో పెద్దవయసు మగవారి గొంతు సెకనుకు సుమారు 100 నుంచి 120 సార్లు, ఆడవారి గొంతు సుమారు 200 సార్లు కంపిస్తుంది. ఈ కొలతను హెర్ట్జ్‌లలో చెబుతారు. స్వరపేటిక ముందువైపున్న ఒక చిన్న కండరం తంతువులను సాగదీసి బిగిస్తే శ్రుతి పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. మాట్లాడేటప్పుడు శ్రుతి ఒకచోట నిలవదు. ఒక వాక్యంలో అది దిగిన అడుగుకూ ఎక్కిన శిఖరానికీ మధ్య దూరమే శ్రుతి వ్యాప్తి.

ఈ దూరాన్ని హెర్ట్జ్‌ల తీసివేతతో కొలిస్తే పొరపాటు వస్తుంది. ఒక మగవాడి గొంతు మామూలుగా 90 నుంచి 130 వరకు, అతని భార్య గొంతు 180 నుంచి 260 వరకు తిరుగుతుందనుకుందాం. తీసివేస్తే ఆయనది 40, ఆమెది 80. ఆమె రెట్టింపు ఆవేశంగా మాట్లాడుతున్నట్టు కనిపిస్తుంది. కానీ వినే చెవికి ఇద్దరిదీ ఒకే విస్తీర్ణం, ఎందుకంటే చెవి పట్టించుకునేది తేడాను కాదు, నిష్పత్తిని. కర్ణాటక సంగీతం తెలిసినవారికి ఇది కొత్త కాదు. షడ్జం నుంచి పై షడ్జానికి కంపనాలు రెట్టింపవుతాయి, ఆ మధ్య దూరాన్ని 12 స్వరస్థానాలుగా పంచుతారు. పాశ్చాత్యులు సెమిటోన్ అనేది దాదాపు ఈ మెట్టునే. గొంతు వ్యాప్తిని కూడా ఈ మెట్లలోనే లెక్కిస్తారు:

12 × log2(260/180) = 6.4

130ని 90తో భాగించినా అదే ఫలితం. ఇద్దరిదీ ఆరున్నర మెట్లకు కాస్త తక్కువ. ఈ లెక్క కుదిరాకే ఒకరి ఆశ్చర్యాన్ని మరొకరి ఆశ్చర్యంతో పోల్చడం సాధ్యమవుతుంది.

వేగం లెక్క తేలికే. "చాలా త్వరగా వచ్చావు" అన్న వాక్యంలో పలికేటప్పుడు వినబడే అక్షరాలు ఎనిమిది. దాన్ని 1.3 సెకన్లలో అంటే సెకనుకు ఆరు అక్షరాలకు కొంచెం పైన పడుతుంది. ఒక్క విషయం మాత్రం ముందే తేల్చుకోవాలి: మధ్యలో ఆగిన విరామాన్ని లెక్కలో కలపాలా, తీసేయాలా అని. వెటకారంలో విరామం కూడా మాట్లాడుతుంది కాబట్టి పరిశోధకులు రెండు లెక్కలూ విడివిడిగా వేస్తారు.

ఇప్పుడు ఆ తల్లి వాక్యాలను దగ్గరగా చూడవచ్చు. ఇక్కడ ఇచ్చే అంకెలు లెక్క నడిచే తీరు చూపడానికి అనుకున్నవి. ఆమె మామూలు గొంతు పైన చెప్పినట్టు 180 నుంచి 260 వరకు తిరుగుతుంది. కూతుర్ని చూసి అన్నప్పుడు 190 దగ్గర మొదలై 'త్వరగా' అన్నచోట 380కి ఎగసింది. అంటే సరిగ్గా 12 మెట్లు, షడ్జం నుంచి పై షడ్జం దాకా. మాట 1.1 సెకన్లలో ముగిసింది. కొడుకుతో అన్నప్పుడు గొంతు 170కీ 200కీ మధ్యే కదిలింది, మూడు మెట్లు కూడా లేవు. మాట రెండు సెకన్లు సాగింది, అంటే సెకనుకు నాలుగు అక్షరాలు. ఒకచోట వ్యాప్తి మామూలుకు దాదాపు రెట్టింపై నడక చురుకైంది. మరోచోట వ్యాప్తి సగానికన్నా తగ్గి నడక భారమైంది.

ఆశ్చర్యానికి గొంతు ఎందుకు ఎగురుతుంది? ఒక కారణం శరీరంలోనే ఉంది. అనుకోనిది ఎదురైనప్పుడు ఒళ్ళు ఒక్కసారిగా బిగుస్తుంది, ఆ బిగువు స్వరపేటికకూ చేరుతుంది, ఊపిరి వేగంగా తోసుకొస్తుంది. రెండో కారణాన్ని డచ్చి భాషాశాస్త్రజ్ఞుడు కార్లోస్ గుస్సెన్‌హోవెన్ వివరించాడు. ఎత్తు శిఖరాలు పలకాలంటే శ్రమ పడాలి. మాట్లాడేవాడు అంత శ్రమ పడుతున్నాడంటే విషయం అతనికి మామూలుది కాదని వినేవాడు గ్రహిస్తాడు. మొదట శరీరం చేసిన పనిని భాష తరవాత సంకేతంగా వాడుకుంది. అందుకే నిజంగా ఆశ్చర్యం కలగకపోయినా, పిల్లవాడు గీసిన బొమ్మ చూసి "అబ్బ, నువ్వే గీశావా!" అని గొంతు ఎగరేయగలుగుతారు పెద్దలు.

వ్యాప్తి ఒక్కటి మారినా అర్థం ఎలా తిరగబడుతుందో చూపిన ప్రయోగం ఒకటి 1992లో అచ్చయింది. అమెరికాకు చెందిన జూలియా హర్ష్‌బర్గ్, గ్రెగరీ వార్డ్ చేసిన ప్రయోగం అది. ఇంగ్లీషులో గొంతు లేచి, పడి, చివర మళ్ళీ లేచే ఒక వరస ఉంది. "పొద్దున పదకొండింటికా" అన్నట్టుండే చిన్న మాటను ఈ వరసలో రెండు రకాలుగా అనవచ్చు. ఒకటి 'పదకొండింటికి అనుకుంటా, సరిగ్గా తెలీదు' అన్న సందేహం. రెండోది 'పదకొండింటికా! అదేం వేళ' అన్న అపనమ్మకం. పరిశోధకులు రెండు రికార్డింగులనూ తీసుకుని, ఒకదాని శ్రుతి వ్యాప్తి మరొకదానికి, ఒకదాని వేగం మరొకదానికి, అలాగే గట్టిదనం, గొంతు నాణ్యం కంప్యూటర్‌తో అటూ ఇటూ మార్చి శ్రోతలకు వినిపించారు. అర్థాన్ని అన్నిటికన్నా బలంగా తిప్పింది శ్రుతి వ్యాప్తి. వరస అదే, పదాలు అవే, శిఖరం ఎత్తు పెంచితే సందేహం కాస్తా అపనమ్మకమైంది. మెట్ల లెక్కకు ఇంత ప్రాధాన్యం ఇవ్వడం ఇందుకే.

వెటకారం దగ్గరికి వస్తే చిక్కు ఎక్కువ. కెనడాలో హెన్రీ చియాంగ్, మార్క్ పెల్ ఇంగ్లీషు మాట్లాడేవారి వెటకారాన్ని కొలిచి 2008లో ఫలితాలు ప్రకటించారు. వెటకారంగా అన్నప్పుడు సగటు శ్రుతి పడిపోయింది, ఎత్తుపల్లాలు తగ్గాయి. పైన తల్లి కొడుకుతో అన్న తీరు కూడా ఇదే. ఆ మరుసటి ఏడాదే వాళ్ళిద్దరూ కాంటనీస్ చైనీస్ భాషలో అదే పని చేశారు. అక్కడ వ్యాప్తి కుంచించుకుపోయిందిగానీ సగటు శ్రుతి పడిపోలేదు, పైకి లేచింది. కాబట్టి 'గొంతు దించితే వెటకారం' అన్న సూత్రం ఒక భాషలో నిజమై పక్క భాషలో తప్పవుతుంది.

ఒకే భాషలోనూ దారులు రెండుంటాయి. తెలుగు వినేవారికి ఇది అనుభవంలో ఉన్నదే. గోదావరి జిల్లాల వెటకారంలో మొహం కదలకుండా, గొంతు కదలకుండా, ఏమీ ఎరగనట్టు అనే పద్ధతి ఉంది. దానికి పూర్తిగా ఎదురుగా "అబ్బో... ఏఏం వండావమ్మా" అని ఆశ్చర్యాన్నే సాగదీసి, శిఖరాన్ని అవసరానికి మించి ఎక్కించే పద్ధతీ ఉంది. ఒకటి తగ్గించడం, ఒకటి అతి చేయడం. రెండూ వెటకారమే ఎలా అయ్యాయన్న ప్రశ్నకు గ్రెగరీ బ్రయంట్ పరిశోధన దారి చూపింది. ఆయన జీన్ ఫాక్స్ ట్రీతో కలిసి రేడియో చర్చల్లో జనం సహజంగా అన్న వ్యంగ్యోక్తులను పరిశీలించి, వ్యంగ్యానికంటూ ప్రత్యేకమైన గొంతు ఒకటి లేదని 2005లో వాదించాడు. తరవాత 2010లో ప్రచురించిన పనిలో అసలు సంగతి పట్టుకున్నాడు. వ్యంగ్యోక్తిని తెలిపేది దాని శ్రుతి ఎంతన్నది కాదు, దానికి ముందు అదే మనిషి అన్న మాటలకూ దానికీ మధ్య వచ్చిన మార్పు. అప్పటిదాకా నడిచిన గొంతు ఉన్నట్టుండి నెమ్మదించిందా, చదునైందా, ఉబ్బిందా అన్నదే వినేవాడికి గుర్తు. కొత్తవాళ్ళ వెటకారం మనకు వెంటనే ఎక్కకపోవడానికి కారణం ఇక్కడే దొరుకుతుంది. వాళ్ళ మామూలు గొంతు ఎలా ఉంటుందో తెలియనప్పుడు అది మారిందని పోల్చుకోవడం ఎలా?

ఇందులో వేగానికి తెలుగు ఒక ప్రత్యేకమైన కట్టుబాటు పెడుతుంది. మన భాషలో అచ్చు పొడుగు మారితే పదమే మారుతుంది: 'వడ' తినేది, 'వాడ' ఉండేది. అందుకని నెమ్మదించాలనుకున్నవారు ప్రతి అక్షరాన్నీ సమంగా సాగదీయరు. సాగుడంతా అప్పటికే దీర్ఘంగా ఉన్న అక్షరం మీద పడుతుంది. తల్లి రెండు సెకన్లు తీసుకున్నప్పుడు అదనపు సమయంలో పెద్ద వాటా 'చాలా'లోని 'చా' మీదకూ, 'వచ్చావు'లోని 'చ్చా' మీదకూ వెళ్ళింది. 'త్వర' అన్న పొట్టి అక్షరాలు దాదాపు ఉన్నచోటే ఉన్నాయి. వాక్యం మొత్తాన్ని యంత్రంతో ఒకే పాళ్ళలో సాగదీస్తే అది వెటకారంలా వినపడదు, నిద్రమత్తులా వినపడుతుంది.

ఇలాంటి కొలతలకు ఎక్కువమంది వాడేది ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ బూర్స్మా, డేవిడ్ వేనింక్ తయారుచేశారు. ఫోనులో రికార్డు చేసిన మాటను అందులో తెరిస్తే శ్రుతి ఒక గీతగా కనిపిస్తుంది. ఆ గీతను కళ్ళు మూసుకుని నమ్మకూడదు. ప్రోగ్రాముకు ముందుగా గొంతు ఏ హద్దుల మధ్య ఉంటుందో చెప్పాలి. మగవారికి సరిపోయే 75 నుంచి 300 హద్దునే తల్లి గొంతుకూ పెడితే, కూతురిని చూసి 380కి ఎగసిన శిఖరం హద్దు దాటిపోతుంది. అది గీతలో మాయమైనా కావచ్చు, సగానికి పడి 190గా కనిపించినా కావచ్చు. ఆశ్చర్యమంతా కాగితం మీద ఆవిరైపోయినట్టే.

దీనికి విరుద్ధమైన పొరపాటు వెటకారంలో జరుగుతుంది. కొడుకుతో అన్న వాక్యం చివర 'వు' దగ్గర ఊపిరి తగ్గి గొంతు గరగరలాడుతుంది. అక్కడ ప్రోగ్రాము 170ని 85గా చదివితే, వ్యాప్తి 85 నుంచి 200 వరకు అయి దాదాపు 15 మెట్లు తేలుతుంది. అన్నిటికన్నా చదునుగా పలికిన వాక్యం అన్నిటికన్నా ఎగిసిపడినట్టు లెక్కకొస్తుంది. గుర్తుపట్టే ఉపాయం ఉంది: గీత ఒక్క గెంతులో సరిగ్గా సగానికి పడినా, రెట్టింపుకు లేచినా అనుమానించాలి. మనిషి గొంతు అంత తటాలున సరిగ్గా ఆ నిష్పత్తిలో గెంతడం అరుదు. ఆ ముక్కను మళ్ళీ చెవితో విని, కింది హద్దు పెంచి మళ్ళీ లెక్కించాలి.

చ, త, ప, క లాంటి శ్వాసాల దగ్గర స్వరతంతువులు కంపించవు కాబట్టి గీత తెగిపోతుంది. వాటి వెనక వచ్చే అచ్చు శ్రుతి కూడా కొంచెం పైకి నెట్టబడుతుంది. ఈ అలజడి భావానికి సంబంధించినది కాదు, హల్లుకు సంబంధించినది. అందుకే ప్రయోగాలకు మొదటినుంచి చివరిదాకా గొంతు మోగుతూనే ఉండే వాక్యాలు ఎంచుకోవడం మేలు. "మామయ్య రమ్మన్నాడు" అలాంటిది. ఇందులో గీత ఎక్కడా తెగదు. ఆశ్చర్యంతోనూ, వెటకారంతోనూ, వినయంతోనూ అనడానికి కూడా వీలైన వాక్యం.

ఇక మర్యాద. ఎక్కువ శ్రుతి మర్యాదకూ, తక్కువ శ్రుతి అధికారానికీ గుర్తన్న వాదాన్ని అమెరికన్ ధ్వనిశాస్త్రజ్ఞుడు జాన్ ఓహాలా 1980ల తొలినాళ్ళలో బలంగా ముందుకు తెచ్చాడు. జంతులోకం నుంచి మొదలుపెట్టాడు. పెద్ద ఒడలు, పొడవైన తంతువులు ఉన్న ప్రాణి గొంతు లోతుగా ఉంటుంది. పోట్లాటకు దిగిన కుక్క లోతుగా గుర్రుమంటుంది, లొంగిపోయిన కుక్క సన్నగా కుయ్యిమంటుంది. ఒకటి 'నేను పెద్దదాన్ని' అని చెప్పడం, ఇంకొకటి 'నేను చిన్నదాన్ని, నావల్ల ముప్పు లేదు' అని చెప్పడం. మనుషులు అడిగేటప్పుడు, వేడుకునేటప్పుడు గొంతు ఎత్తడం, ఆజ్ఞాపించేటప్పుడు దించడం ఈ పాత అలవాటు కొనసాగింపేనని ఆయన వివరణ. లోకంలో చాలా భాషల్లో అవునా కాదా అన్న ప్రశ్న చివర గొంతు లేవడానికీ దీన్నే కారణంగా చూపాడు. జపాన్‌లో ఆడవారు మర్యాదగా మాట్లాడేటప్పుడు గొంతు బాగా పెంచడం ఈ వాదానికి సాక్ష్యంగా కనిపించింది.

కానీ పక్కనే ఉన్న కొరియా సాక్ష్యం చెప్పలేదు. కొరియన్‌లో పెద్దలతో మాట్లాడే గౌరవభాష వేరు, స్నేహితులతో మాట్లాడే చనువుభాష వేరు. మన 'మీరు, నువ్వు' కన్నా ఆ తేడా ఎన్నో రెట్లు పెద్దది. బోడో వింటర్, స్వెన్ గ్రావుండర్ ఈ రెండింటినీ కొలిచి 2012లో ఫలితాలు ప్రచురించారు. గౌరవభాషలో సగటు శ్రుతి తగ్గింది, ఎత్తుపల్లాలు తగ్గాయి, వేగం కూడా తగ్గింది. మర్యాద అంటే అక్కడ చిన్నవాడిలా కనబడటం కన్నా, అదుపులో ఉండటం, ఆచితూచి పలకడం అన్నమాట. ఓహాలా వాదం తప్పయిందనడం కన్నా, మర్యాద అనేది ఒకే భావం కాదని తేలిందనడం సరైనది. అభ్యర్థించే మర్యాద ఒకటి, ఒదిగి ఉండే మర్యాద ఒకటి. మొదటిది గొంతు లేపుతుంది, రెండోది అణచుతుంది. ఊరి పెద్ద ఎదుట చేతులు కట్టుకుని నిలబడినవాడి గొంతునూ, బస్సులో "కొంచెం జరుగుతారా అండీ" అని అడిగేవారి గొంతునూ పక్కపక్కన పెట్టి వింటే తెలుగులోనూ ఈ రెండు మర్యాదలూ వేరుగా వినిపిస్తాయి.

తెలుగులో మర్యాదకు 'అండి', 'గారు', బహువచన క్రియ ఉన్నాయి కాబట్టి గొంతు మీద భారం తక్కువ అనిపిస్తుంది. పూర్తిగా నిజం కాదు. "కూర్చోండి" అన్న మాటను పొట్టిగా, వేగంగా, చివర గొంతు దించి అంటే 'అండి' ఉన్నా అది ఆజ్ఞే. చివరి 'డి'ని కాస్త సాగదీసి గొంతును పూర్తిగా పడనీయకుండా నిలిపితే ఆహ్వానం. వియ్యంకుడితో "చాలా త్వరగా వచ్చారు" అన్న తల్లి చేయాల్సింది కూడా ఇదే. 'వచ్చారు' చివర గొంతు ఠక్కున పడిపోతే లెక్క అడిగినట్టుంటుంది. 'అన్నయ్యగారూ' దాకా తేలుతూ వెళ్ళి అక్కడ సాగితే సంతోషంగా వినిపిస్తుంది.

ఒక భాష మర్యాద ఇంకో భాషలో మొరటుతనంగా వినిపించిన సంఘటనను జాన్ గంపర్జ్ 1982 నాటి తన పుస్తకంలో నమోదు చేశాడు. బ్రిటన్‌లోని ఒక పెద్ద విమానాశ్రయంలో ఉద్యోగుల భోజనశాల ఉండేది. అందులో కొత్తగా చేరిన భారతీయ, పాకిస్తానీ స్త్రీలు పెడసరంగా ఉంటారని, సహకరించరని అక్కడ తినేవారూ, పైఅధికారులూ ఫిర్యాదు చేసేవారు. గంపర్జ్ పరిశీలిస్తే వాళ్ళు కస్టమర్లతో మాట్లాడే మాటలే బహు కొద్ది. మాంసం వడ్డించాక పైన గ్రేవీ పోయాలా అని అడగాలి. బ్రిటిష్ స్త్రీ అయితే "గ్రేవీ?" అని గొంతు లేపి అడిగేది. ఈ స్త్రీలు "గ్రేవీ" అని గొంతు దించి అనేవారు. ఒకే ఒక్క పదం. లేచిన గొంతు 'కావాలా?' అని అడిగినట్టు వినిపించింది. దిగిన గొంతు 'ఇది గ్రేవీ, ఇష్టమైతే తీసుకో' అన్నట్టు వినిపించింది.

అన్నవారి మనసులో ఆ ఉద్దేశమే లేదు. వాళ్ళ అలవాటులో అడిగే పద్ధతి అదే. మన తెలుగులో కూడా ప్రశ్న భారాన్ని చాలావరకు 'కావాలా', 'పొయ్యనా' అన్నప్పుడు చివర వచ్చే 'ఆ' మోస్తుంది. ఆ ప్రత్యయం లేని ఒంటరి ఇంగ్లీషు పదంలో మొత్తం భారం గొంతు మీదే పడుతుంది. ఆ రికార్డింగులను అందరికీ వినిపించినప్పుడు, ఇద్దరూ ఒకే మాట అన్నారు కదా, తేడా ఏముందని ఆ స్త్రీలు మొదట అడిగారు. తమ మీద వివక్ష ఉందని అప్పటికే వాళ్ళు బాధపడుతున్నారు. లేచే గొంతుకూ దిగే గొంతుకూ బ్రిటిష్ చెవి ఇచ్చే అర్థాలు విడమరిచి చెప్పాక, తమను గురించి అన్నాళ్ళుగా జరిగిన మరికొన్ని అపార్థాలు కూడా వాళ్ళకు అర్థమయ్యాయి. పైఅధికారులకూ ఆ స్త్రీలు ఇన్నాళ్ళూ మర్యాదగానే అడుగుతున్నారని తెలిసింది.